గేమ్ కొనేముందు... ఫాంట్ ఒక్కటే చూస్తే చాలదు!

ట్రైలర్‌లో కత్తులుంటాయి, పేలుళ్లుంటాయి, అదిరిపోయే మ్యూజిక్ ఉంటుంది. చదవాల్సిన పేరాలు మాత్రం ఒక్కటీ కనపడవు. డబ్బు కట్టి, గంటసేపు డౌన్‌లోడ్ చేసి మొదలుపెట్టాక తెలుస్తుంది... కథంతా చిన్న చిన్న అక్షరాల డబ్బాల్లో ఉందని. గబగబా చదివేసేవాళ్లకి అది పెద్ద సంగతి కాదు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకి మాత్రం ఆ గేమ్ ఆడగలమా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

నాకు డిస్లెక్సియా ఉంది. అంటే చదవడం రాదని కాదు. ఇంగ్లిష్‌లో b, d ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. లైన్ చివరికొచ్చాక కింది లైన్ మొదలు దొరక్క, చదివిన లైనే మళ్లీ చదువుతుంటాను. మీకు పది సెకన్లు పట్టే పేరా నాకు ముప్ఫై సెకన్లు పడుతుంది. దానికీ తెలివికీ సంబంధం లేదు. మనం ఆడే గేముల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి, తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లిష్‌లో రాసేది ఒకటి, పలికేది ఒకటి కదా!

మా పిన్నిగారి అబ్బాయికీ ఇదే ఇబ్బంది. మొన్న స్టీమ్‌లో సేల్ నడుస్తుంటే ఫోన్ చేశాడు.

"అన్నా, రెండు గేములు చూశా. ఒకదాంట్లో సులువుగా చదివే ఫాంట్ ఉందంట. రెండోదాంట్లో అలాంటిదేం లేదు. మొదటిదే కొనేయనా?"

"ఆగరా. ఫాంట్ సంగతి తర్వాత. ఆ గేములో ఎంత చదవాలో చూశావా? చదివి పెట్టే గొంతు ఉందా? నువ్వు చదివేదాకా ఆట ఆగుతుందా?"

కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు నిజానికి ఇవే. అక్షరం ఎలా ఉంది, గొంతు ఎంత ఉంది, టైమ్ ఎంత ఇస్తుంది. ఒక్కొక్కటీ చూద్దాం.

అక్షరం: ఆకారం కన్నా ఎడం ముఖ్యం

డిస్లెక్సియా ఫాంట్ అనగానే చాలామందికి ఓపెన్‌డిస్లెక్సిక్ గుర్తొస్తుంది. అక్షరాల అడుగుభాగం లావుగా ఉంటుంది. ఉచితంగా దొరుకుతుంది. కొన్ని గేములు దీన్ని సెట్టింగ్స్‌లో పెట్టి, డిస్లెక్సియా ఉన్నవాళ్ల పని అయిపోయింది అనుకుంటాయి.

పరిశోధనలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. ఇలాంటిదే డిస్లెక్సీ అని ఇంకో ఫాంట్ ఉంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో చదవడంలో వెనకబడ్డ పిల్లలు ఏరియల్ కన్నా ఈ ఫాంట్‌లో కొంచెం వేగంగా చదివారు. అయితే ఏరియల్ అక్షరాల మధ్య, పదాల మధ్య కూడా అంతే ఎడం పెట్టి చదివిస్తే ఆ తేడా కాస్తా మాయమైంది. అంటే పని చేసింది అక్షరం ఆకారం కాదు, మధ్యలో ఉన్న ఖాళీ. అంతకుముందు 2012లో ఇటలీ, ఫ్రాన్స్‌లలో డిస్లెక్సియా ఉన్న 74 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలోనూ ఇదే కనిపించింది. ఫాంట్ మార్చకుండా ఎడం పెంచితేనే వాళ్లు తక్కువ తప్పులతో, ఎక్కువ వేగంతో చదివారు. అక్షరాలు ఇరుకుగా ఉన్నప్పుడు పక్క అక్షరం వచ్చి మనం చూస్తున్న అక్షరాన్ని చెడగొడుతుంది. ఎడం ఉంటే ఆ గొడవ తగ్గుతుంది.

కొందరికి ఓపెన్‌డిస్లెక్సిక్ హాయిగా ఉంటుంది. ఉంటే వాడుకోండి. కానీ ఆ పేరు కనపడిందని కొనెయ్యకండి, కనపడలేదని వదిలెయ్యకండి. గేమ్ స్క్రీన్‌షాట్‌ని పెద్దది చేసి ఇవి చూడండి. r, n పక్కపక్కన వచ్చినచోట m లాగా కలిసిపోతున్నాయా? పెద్ద I, చిన్న l, అంకె 1... మూడూ ఒకేలా ఉన్నాయా? పేరాలకు పేరాలు క్యాపిటల్ లెటర్స్‌లోనో, వాలు అక్షరాల్లోనో ఉన్నాయా? లైన్లన్నీ ఎడమవైపు ఒకేచోట మొదలవుతున్నాయా, లేక మధ్యకి సర్ది ఉన్నాయా? మధ్యకి సర్దితే ప్రతి లైనూ ఒక్కోచోట మొదలవుతుంది. నాలాంటివాళ్ల కన్ను తప్పిపోయేది అక్కడే. అక్షరాల వెనక కదిలే బొమ్మ ఉందా, నల్లటి పట్టీ లాంటిది ఉందా అన్నది కూడా చూడండి.

తర్వాత సైజు. ఫోన్‌లో ఆడేవాళ్లు దీన్ని అస్సలు వదలకూడదు. ఎక్స్‌బాక్స్ వాళ్లు గేమ్ తయారుచేసేవాళ్ల కోసం పెట్టుకున్న మార్గదర్శకాల్లో, టీవీలో ఆడే గేముకి 1080p తెర మీద అక్షరం ఎత్తు కనీసం 26 పిక్సెల్స్ ఉండాలని ఉంది. టీవీకి అది సరే. అదే తెరని యథాతథంగా 6.5 అంగుళాల ఫోన్‌లోకి కుదించారనుకోండి. అడ్డంగా పట్టుకుంటే ఆ ఫోన్ తెర ఎత్తు దాదాపు 68 మిల్లీమీటర్లు. లెక్కేస్తే ఆ అక్షరం ఎత్తు 1.6 మిల్లీమీటర్లకి పడిపోతుంది. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సూచించే 12 పాయింట్ల అక్షరం 4.2 మిల్లీమీటర్లు ఉంటుంది. తేడా చూశారా? అందుకే కన్సోల్ నుంచి ఫోన్‌కి వచ్చిన గేముల్లో అక్షరం సైజు పెంచే ఆప్షన్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

"ఫోన్ సెట్టింగ్స్‌లో ఫాంట్ పెద్దది చేస్తే సరిపోదా" అని అడుగుతారేమో. సరిపోదు. మెసేజింగ్ యాప్‌లు ఫోన్ చెప్పిన సైజుని వింటాయి. గేములు మాత్రం అక్షరాన్ని కూడా ఒక బొమ్మలాగే తమ ఇంజిన్‌తో గీసుకుంటాయి. ఫోన్ మాట వాటికి చాలావరకు పట్టదు. గేములోనే ఆప్షన్ ఉండాలి.

గొంతు: 'వాయిస్' అని ఉంటే మొత్తం ఉన్నట్టు కాదు

నాకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. డైలాగ్‌ని ఒకరు చదువుతుంటే, కింద సబ్‌టైటిల్ చూస్తూ వింటాను. చెవి ముందు నడుస్తుంది, కన్ను వెనకాల వస్తుంది. అలసట సగానికి సగం తగ్గుతుంది.

అయితే గేముల్లో గొంతు నాలుగు రకాలుగా ఉంటుంది. మొదటిది, ప్రతి డైలాగూ మనిషి చదివేది. 2019లో వచ్చిన డిస్కో ఎలీజియంనే తీసుకోండి. పది లక్షల పదాలకు పైగా ఉన్న గేమ్ అది. మొదట్లో అక్కడక్కడా మాత్రమే గొంతు ఉండేది. 2021లో ఫైనల్ కట్ పేరుతో పూర్తి వాయిస్ వచ్చింది. గేమ్ అదే, కానీ నాలాంటివాళ్లకి రెండూ ఒకటి కావు.

రెండోది, ముఖ్యమైన సీన్లలో మాత్రమే గొంతు. జెల్డా సిరీస్‌లోని బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ ఇలాంటిదే. సినిమాలాంటి సీన్లలో మాట్లాడతారు. ఊళ్లో ఎవరినైనా పలకరిస్తే మాత్రం చదువుకోవాల్సిందే. ట్రైలర్లో చూపించేది ఎప్పుడూ ఆ మాట్లాడే సీన్లే!

మూడోది, ఉత్తుత్తి గొంతు. సెలెస్ట్‌లో, యానిమల్ క్రాసింగ్‌లో పాత్రలు ఏదో గొణుగుతాయి. ముద్దుగా ఉంటుంది. అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు. కథ మొత్తం అక్షరాల్లోనే. ఇక నాలుగోది, స్టార్‌డ్యూ వ్యాలీలాగా అసలు గొంతే లేనివి.

ఇవి కాక ఇంకో సంగతి. డైలాగులన్నీ పలికే గేముల్లో కూడా మెనూలు, వస్తువుల వివరాలు, దొరికే పుస్తకాలు, ఉత్తరాలు మౌనంగానే ఉంటాయి. బాల్డర్స్ గేట్ 3లో ప్రతి పాత్రా మాట్లాడుతుంది, అరల్లో దొరికే పుస్తకాలు మాత్రం మనమే చదువుకోవాలి. వీటిని కూడా చదివి వినిపించే గేములు కొన్నే. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఏర్పాటు గేములోనే ఉంది.

టైమ్: అక్షరం మన కోసం ఆగుతుందా?

ఫాంట్ బాగుండి, గొంతు కూడా ఉండి, అయినా చేతికందని గేములున్నాయి. ఆక్సెన్‌ఫ్రీని చూడండి. అందులో డైలాగులకి గొంతు ఉంది, నటన కూడా బాగుంటుంది. కానీ మన పాత్ర ఏం చెప్పాలో ఎంచుకునే మాటలు తల మీద బుడగల్లో వస్తాయి. వాటికి గొంతు ఉండదు. పక్కవాళ్లు మాట్లాడుతుండగానే కాసేపటికి మసకబారి మాయమవుతాయి. ఒకే సమయంలో వినాలి, మూడు బుడగలు చదవాలి, ఒకటి నొక్కాలి. నొక్కకపోతే మన పాత్ర మౌనంగా ఉన్నట్టే లెక్క. మనకి చెప్పాలని ఉన్నా!

అందుకే మూడు విషయాలు గమనించండి. డైలాగ్ బటన్ నొక్కేదాకా ఆగుతుందా, దానంతటదే వెళ్లిపోతుందా? ఎంపికలకి టైమర్ ఉందా? ఉంటే ఆపేసే ఆప్షన్ ఉందా? అలాగే, అక్షరాలు టైప్ చేస్తున్నట్టు ఒక్కొక్కటిగా పడుతుంటే వాటిని ఒకేసారి చూపించే వీలుందా? పదం పూర్తిగా కనపడకముందే కన్ను చదవబోతుంది, ఊహిస్తుంది, తప్పుతుంది, మళ్లీ వెనక్కొస్తుంది. నన్ను బాగా అలసటపెట్టేది ఈ టైప్‌రైటర్ పద్ధతే.

ఆ రెండు గేముల లెక్క ఇదీ

ఇప్పుడు మావాడి ప్రశ్నకొద్దాం. వాడు చూసిన మొదటి గేమ్ పెంటిమెంట్, 2022లో వచ్చింది. రెండోది 2020లో వచ్చిన హేడీస్.

పెంటిమెంట్ 16వ శతాబ్దపు జర్మనీలో, బవేరియా ప్రాంతంలో జరిగే హత్యల కథ. అందులో పాత్రల మాటలు పాతకాలపు చేతిరాతలో వస్తాయి. సన్యాసుల మాట ఒక లిపిలో, రైతుల మాట ఇంకో లిపిలో, ముద్రాపకుల మాట అచ్చు అక్షరాల్లో. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. చదవడానికి మాత్రం కళ్లకి పరీక్షే. ఆ సంగతి తయారుచేసినవాళ్లకీ తెలుసు. అందుకే సెట్టింగ్స్‌లో తేలిగ్గా చదవగలిగే ఫాంట్లకి మార్చుకునే ఆప్షన్ పెట్టారు. మావాడు చూసింది దాన్నే. అక్షరం ప్రశ్నకి మంచి మార్కులు పడ్డాయి. కానీ ఈ గేములో నటుల గొంతు లేదు. ఆట మొత్తం సంభాషణే. అంటే సులువైన ఫాంట్‌లోనైనా సరే, చదవాల్సింది చాలానే ఉంటుంది.

హేడీస్‌లో డిస్లెక్సియా కోసం ప్రత్యేకంగా ఫాంట్ లేదు. ఫాంట్ ఒక్కటే చూసేవాళ్లు అక్కడే వదిలేస్తారు. కానీ అందులో పాత్రల డైలాగులన్నిటికీ గొంతు ఉంది. సంభాషణ మనం నొక్కేదాకా ఆగుతుంది. యుద్ధం మధ్యలో వచ్చే మాటలు కూడా చెవికి వినిపిస్తాయి కాబట్టి పోరాడుతూ కిందికి చూడక్కర్లేదు. చదవాల్సింది ఎక్కడంటే, దేవతలు ఇచ్చే వరాల దగ్గర. మూడు వరాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒక్కోదానికీ చిన్న వివరణ, కొన్ని అంకెలు ఉంటాయి. మనం ఎంచుకునేదాకా ఆట ఆగే ఉంటుంది. అవే వరాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి కొన్నాళ్లకి బొమ్మ చూసే గుర్తుపట్టేయొచ్చు. పాత్రల గురించి రాసి ఉండే కోడెక్స్‌కి గొంతు లేదు, కానీ అది చదవకపోయినా ఆట సాగుతుంది.

ఇలా లెక్కేశాక మావాడు హేడీస్ కొన్నాడు. అంటే పెంటిమెంట్ చెడ్డదని కాదు. సరైన ఫాంట్ దొరికితే నిదానంగా, ఇష్టంగా చదువుకునేవాళ్లకి అది బాగా నచ్చుతుంది. ఎందుకంటే అందులో తొందరపెట్టేవాళ్లు తక్కువ. కానీ రోజంతా క్లాసులో చదివి అలసిపోయి, రాత్రి గంటసేపు ఆడుకుందామనుకునే మావాడికి గొంతు ఉన్నదే కావాలి. ఎవరికేది ఎక్కువ ఇబ్బందో వాళ్లు దానికే ముందు మార్కులు వేసుకోవాలి.

డబ్బు కట్టకముందే ఎక్కడ చూడాలి?

ముందు స్టోర్ పేజీ. స్టీమ్‌లో ప్రతి గేముకీ భాషల పట్టిక ఉంటుంది. అందులో `Full Audio` అనే గడిలో ఇంగ్లిష్‌కి టిక్ లేకపోతే గొంతు లేనట్టే అనుకోండి. టిక్ ఉన్నా మొత్తం ఉందని నమ్మకండి, పైన చెప్పిన రెండో రకం కావచ్చు. 2025 నుంచి స్టీమ్ పేజీల్లో యాక్సెసిబిలిటీ వివరాలు కూడా చూపిస్తున్నారు. మనకి పనికొచ్చేవి `Adjustable Text Size`, `Narrated Game Menus`, `Playable without Timed Input`. ఇవి తయారీదారులు స్వయంగా నింపేవి. పాత గేములు చాలావాటికి ఎవరూ నింపలేదు. కాబట్టి ఉంటే మంచి సూచన, లేకపోతే ఆప్షన్ లేదని అర్థం కాదు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ స్టోర్లలోనూ ఇలాంటి ట్యాగులున్నాయి.

తర్వాత యూట్యూబ్. గేమ్ పేరు పక్కన `no commentary` అని టైప్ చేయండి. మొదటి ఐదు నిమిషాలు చూడొద్దు. గొంతు ఖర్చంతా అక్కడే పెడతారు. గంట దాటాక ఎక్కడో మధ్యలోకి జరపండి. మామూలు పాత్రతో మాట్లాడే చోటు దొరికాక తెర మీద ఉన్న మాటలూ వినిపించే మాటలూ ఒకటేనా చూడండి. ఒక డైలాగ్ దగ్గర ఆపి, మీరు మామూలుగా చదివే వేగంతో పూర్తిగా చదవండి. ఎంత టైమ్ పట్టిందో చూసుకుని, వీడియోలో అది తెర మీద ఎంతసేపు ఉందో పోల్చండి. అయితే ఒక తిరకాసు ఉంది. వీడియో తీసినాయన తనే బటన్ నొక్కి ముందుకెళ్లి ఉండొచ్చు. డైలాగ్ మూలన చిన్న బాణమో, బటన్ గుర్తో మెరుస్తుంటే అది మన కోసం ఆగుతుందని లెక్క. చివరగా, గేమ్ పేరుతో `accessibility settings` అని వెతికితే సెట్టింగ్స్ మొత్తం చూపించే వీడియోలు చాలా గేములకి దొరుకుతాయి. మీరు ఏ తెర మీద ఆడతారో ఆ తెర మీదే చూడండి. ఫోన్‌లో ఆడేవాళ్లు ఫోన్‌ని అడ్డంగా తిప్పి, జూమ్ చేయకుండా చూస్తే అక్షరం అసలు సైజు తెలిసిపోతుంది.

కొన్నాక కూడా ఒక దారి ఉంది

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే రిఫండ్ అడగొచ్చు. గూగుల్ ప్లేలో అయితే 48 గంటల్లోపు అడగాలి. ప్లేస్టేషన్‌తో జాగ్రత్త. 14 రోజుల గడువున్నా, డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ అవకాశం సాధారణంగా పోతుంది. అక్కడ చూడాల్సినవన్నీ ముందే చూసుకోవాలి.

స్టీమ్ ఇచ్చే రెండు గంటల్లో మెనూలో కూర్చున్న సమయం కూడా లెక్కలోకొస్తుంది. గేమ్ ఆన్ చేసి భోజనానికి వెళ్లకండి. మొదట నేరుగా సెట్టింగ్స్‌కి వెళ్లి అక్షరం సైజు, సబ్‌టైటిల్ వెనక పట్టీ, డైలాగ్ వేగం సరిచేయండి. తర్వాత అరగంట ఆడి ఒక్కసారి ఆగండి. ఇప్పుడు ఏం చేయాలో గేమ్ చెప్పిందా, అది మీకు గుర్తుందా? ఒకే డైలాగ్‌ని మూడుసార్లు చదవాల్సి వచ్చిందా? చదవకుండానే నొక్కుకుంటూ పోతున్నారా? ఆ చివరిది జరుగుతుంటే గేమ్ మీకు సరిపడలేదన్నమాట. ఇంకో గంట ఓపిక పడితే అలవాటవుతుందిలే అనుకుంటే రిఫండ్ గడువు దాటిపోతుంది.

గొంతు లేని గేమే కావాలనుకునేవాళ్లకి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక సాయం ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద `Select to Speak` ఉంటుంది. ఆన్ చేసి, తెర మీద అక్షరాలున్న చోట గీత గీస్తే చదివి వినిపిస్తుంది. బొమ్మల్లోని అక్షరాల్ని కూడా చదివే ఆప్షన్ అందులోనే ఉంటుంది, అది కూడా ఆన్ చేయాలి. గేముల్లో అక్షరం బొమ్మే కదా! అయితే డైలాగ్ ఆగే గేముల్లోనే ఇది పనికొస్తుంది. చేతిరాత ఫాంట్లు, చుక్కల చుక్కల పిక్సెల్ ఫాంట్లు ఉన్నచోట తప్పులు చదువుతుంది.

ఇక తెలుగు సంగతి. ఓపెన్‌డిస్లెక్సిక్ లాంటివి ఇంగ్లిష్ తరహా అక్షరాల కోసం చేసినవి, వాటిలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగులో మెనూలున్న గేమ్ దొరికితే లైన్ల మధ్య ఎడం ముందు చూడండి. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. లైన్లు ఇరుగ్గా ఉంటే పై లైను వత్తు, కింది లైను గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ప, ష, ఫల మధ్య తేడా చెప్పే చిన్న గీత అక్కడే పోతుంది. స్క్రీన్‌షాట్‌లో రెండు లైన్లు పక్కాగా విడివిడిగా కనిపిస్తేనే కార్ట్‌లో వేయండి.